లెక్కలో తేడా ఉందన్న నోటీసుకు జవాబు

ఆదాయపు పన్ను రిటర్నులో మనిషి చూపిన ఆదాయం ఒకటి, అదే మనిషి గురించి బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్ సంస్థలు, రిజిస్ట్రేషన్ కార్యాలయాలు పంపిన ఆదాయం మరొకటి అయినప్పుడు శాఖ నుంచి ఒక నోటీసు వస్తుంది. ఈ రెండు అంకెల మధ్య ఇంత తేడా ఉంది, కారణం చెప్పండి అని అందులో ఉంటుంది. దొంగ లెక్క చూపారన్న ఆరోపణ దానిలో ఉండదు. పన్ను కట్టమన్న ఉత్తర్వు కూడా ఉండదు. అయినా ఇంటికి చేరగానే దాన్ని అభియోగపత్రంలా చూసి భయపడేవాళ్లే ఎక్కువ. ఆ భయంలో కొందరు అడిగిన మొత్తమంతా ఒప్పేసుకుంటారు, కొందరు మొత్తమంతా కాదనేస్తారు, మరికొందరు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి మరిచిపోతారు. మూడూ నష్టం తెచ్చేవే. తేడాను ముక్కలుగా విడదీసి, ఏ ముక్క నిజమో ఏది కాదో, ఏది తనది కాదో విడివిడిగా చెప్పి, ఒక్కోదానికి ఒక్కో కాగితం జతచేయడమే సరైన జవాబు.

తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే జవాబు సగం తేలినట్టే. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 285బిఎ సెక్షన్ ప్రకారం బ్యాంకులు, సహకార బ్యాంకులు, పోస్టాఫీసులు, ఫండ్ సంస్థలు, సబ్ రిజిస్ట్రార్లు ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31లోగా ఒక వివరణపత్రం దాఖలు చేయాలి. దాన్ని ఎస్‌ఎఫ్‌టీ అంటారు. ఎవరి పాన్ మీద ఎంత వడ్డీ జమైంది, ఎంత డివిడెండ్ వెళ్లింది, ఎవరు 30 లక్షలు లేదా అంతకు మించిన ఆస్తి కొన్నారు లేదా అమ్మారు, ఎవరి సేవింగ్స్ ఖాతాల్లో ఏడాదిలో 10 లక్షలు, ఆపైన నగదు పడింది అనే సంగతులు అందులో ఉంటాయి. టీడీఎస్ కోసినవాళ్లు పంపే లెక్కలు వేరే దారిలో వస్తాయి. 2021 నవంబరు నుంచి ఇవన్నీ ఒక్కచోట చేర్చి పన్ను చెల్లింపుదారుకు ఆన్‌లైన్‌లో చూపిస్తున్నారు. దాని పేరు వార్షిక సమాచార నివేదిక, అందరూ పిలిచేది ఏఐఎస్.

ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఏఐఎస్‌లో ఉన్నది ఇతరులు చెప్పిన మాట. బ్యాంకు గుమస్తా పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టినా, ఉమ్మడి ఖాతాలో మొదటి పేరు ఎవరిదైతే వడ్డీ అంతా వారి కిందే వేసినా, ఒకే డిపాజిట్‌ను రెండుసార్లు రాసినా శాఖ కంప్యూటరుకు తెలియదు. అది అంకెను అంకెతో పోలుస్తుంది, అంతే. మరోవైపు, రిటర్నులో చూపకుండా వదిలేసిన నిజమైన ఆదాయం కూడా అదే జాబితాలో ఉంటుంది. ఏది ఏదో తేల్చి చెప్పగలిగింది ఆ ఖాతాదారు ఒక్కరే. నోటీసు అడుగుతున్నదీ అదే.

ఈ తేడా గురించి శాఖ పలకరించే తీరులో మెట్లున్నాయి. మొదటిది ఫోనుకు, ఈమెయిల్‌కు వచ్చే సందేశం. దీన్ని ఈ-క్యాంపెయిన్ అంటారు. లెక్క చూసుకుని అవసరమైతే రిటర్ను సవరించుకోండని అది చెబుతుంది. రెండోది 133(6) సెక్షన్ కింద వచ్చే నోటీసు. 2021 డిసెంబరులో నోటిఫై చేసిన ఈ-వెరిఫికేషన్ పథకం కింద ఇది వస్తుంది. 2019-20 ఆర్థిక సంవత్సరానికి సంబంధించి సుమారు 68,000 కేసులతో ఈ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మూడోది 148ఎ, అంటే పాత సంవత్సరపు లెక్కను తిరగదోడే ముందు ఇచ్చే సంజాయిషీ నోటీసు. పై మెట్టుకు వెళ్లేకొద్దీ జవాబు చెప్పే వెసులుబాటు తగ్గి, ఖర్చు పెరుగుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా రెండో మెట్టు గురించి. ఎందుకంటే మామూలు ఉద్యోగికీ, పింఛనుదారుకూ తమ మాట పూర్తిగా వినిపించే చోటు, తప్పుంటే తక్కువ ఖర్చుతో దిద్దుకునే చోటు అదే.

2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది, సెక్షన్ల అంకెలు మారాయి. అయితే అంతకు ముందరి సంవత్సరాల ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి, ఆ సంవత్సరాల నోటీసుల మీద ఈ పాత అంకెలే కనిపిస్తాయి.

ఒక పింఛనుదారు లెక్క

పల్నాడు జిల్లాలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఉన్నారనుకుందాం. వయసు 67. ఆదాయం పింఛను, డిపాజిట్ల మీద వడ్డీ. 2023-24 ఆర్థిక సంవత్సరానికి పాత పద్ధతిలో, గడువులోపే రిటర్ను వేశారు. వడ్డీ ఆదాయం 1,86,000 రూపాయలని చూపారు. వయోవృద్ధులకు వడ్డీ మీద ఇచ్చే 50,000 రూపాయల మినహాయింపు, అంటే 80టీటీబీ, పూర్తిగా వాడుకున్నారు. 2025 సెప్టెంబరులో ఆయనకు 133(6) నోటీసు వచ్చింది. మీ పాన్ మీద ఆ ఏడాది 3,70,000 రూపాయల వడ్డీ జమైనట్టు సమాచారం ఉంది, రిటర్నులో 1,86,000 మాత్రమే ఉంది, మిగతా 1,84,000 సంగతి చెప్పండి అన్నది దాని సారాంశం.

ముందుగా ఆ నోటీసు నిజమైనదో కాదో చూడాలి. పన్ను శాఖ పేరుతో వచ్చే దొంగ మెయిళ్లకు లెక్కలేదు. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే ప్రతి ఉత్తరం మీదా డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలన్న నియమం ఉంది. `incometax.gov.in` తెరిస్తే మొదటి పేజీలోనే `Authenticate Notice/Order Issued by ITD` అని ఉంటుంది. అక్కడ ఆ సంఖ్య కొడితే నోటీసు శాఖదో కాదో తేలిపోతుంది. దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. మెయిల్‌లో ఉన్న లింకు నొక్కి వెళ్లడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. వెబ్‌సైట్ పేరు స్వయంగా టైపు చేసే వెళ్లాలి.

నోటీసు నిజమైనదే అయితే లాగిన్ అయి ఏఐఎస్ దింపుకోవాలి. పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. పాన్‌ను చిన్న అక్షరాల్లో కొట్టి, దాని వెంటనే పుట్టిన తేదీని ఎనిమిది అంకెల్లో కొడితే తెరుచుకుంటుంది. 1958 జూన్ 5న పుట్టినవారైతే పాన్ తర్వాత 05061958 అన్నమాట. నోటీసులో ఒక్క మొత్తమే ఉంటుంది. ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎంత అన్న విడి వివరం ఏఐఎస్‌లో ఉంటుంది. జవాబు రాయాల్సింది ఆ విడి వివరానికే.

మాస్టారి ఏఐఎస్‌లో వడ్డీ కింద ఆరు పద్దులు కనిపించాయి. పింఛను వచ్చే బ్యాంకులో సేవింగ్స్ వడ్డీ 8,000, ఒక డిపాజిట్ మీద 86,000, ఇంకో డిపాజిట్ మీద 92,000, మళ్లీ వేరే నంబరు మీద 92,000. రెండో బ్యాంకులో 44,000. మూడో బ్యాంకులో 48,000. మొత్తం 3,70,000. మొదటి మూడు పద్దులు కలిపితే 1,86,000, అంటే ఆయన రిటర్నులో చూపినది సరిగ్గా అదే. కాబట్టి తేల్చాల్సినవి మిగిలిన మూడే.

మొదటిది రెండోసారి కనిపించిన 92,000. అంకె అచ్చం ఒకటే కావడమే అనుమానానికి దారి. ఆ డిపాజిట్ 2023 అక్టోబరులో గడువు తీరితే అదే బ్యాంకులో తిరగరాయించారు. కొత్త రసీదుకు కొత్త నంబరు పడింది. ఏడాది వడ్డీని బ్యాంకు పాత నంబరు మీద ఒకసారి, కొత్త నంబరు మీద మరోసారి పంపింది. టీడీఎస్ లెక్కలో ఉన్న వడ్డీకీ ఎస్‌ఎఫ్‌టీలో ఉన్న వడ్డీకీ మధ్య కూడా ఇలాంటి రెట్టింపు వస్తుంటుంది గానీ, చాలావరకు వ్యవస్థే దాన్ని గుర్తుపట్టి ఒకటి తీసేస్తుంది. ఖాతా నంబర్లు వేరైతే గుర్తుపట్టలేదు. ఇక్కడ కావాల్సిన రుజువు బ్యాంకు ఇచ్చే వడ్డీ ధ్రువపత్రం. ఆ ఏడాది ఆ కస్టమరుకు జమచేసిన మొత్తం వడ్డీ అంతా అందులో ఒక్క కాగితం మీద ఉంటుంది. మాస్టారి ధ్రువపత్రం మీద 1,86,000 ఉంది, 2,78,000 లేదు. పాత రసీదు గడువు తీరి కొత్త రసీదు పుట్టిన తేదీని చూపే స్టేట్‌మెంటు పేజీ ఒకటి దానికి తోడైతే చాలు.

రెండోది 44,000. ఇది భార్యాభర్తల పేర్ల మీద ఉన్న ఉమ్మడి డిపాజిట్. రసీదు మీద మొదటి పేరు మాస్టారిది కాబట్టి సాధారణంగా జరిగేట్టే వడ్డీ అంతా ఆయన పాన్ మీద పడింది. డబ్బు మాత్రం ఆమెది. ఆరోగ్య శాఖలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీలోంచి వేసింది. ఆ వడ్డీని ఆమె తన రిటర్నులో చూపింది కూడా. ఇది రుజువు చేయడానికి మూడు కాగితాలు ఒకదాని వెనక ఒకటి రావాలి. గ్రాట్యుటీ ఆమె ఖాతాలో పడిన పేజీ, ఆ ఖాతా నుంచి డిపాజిట్‌కు వెళ్లిన పేజీ, ఆ వడ్డీ కలిపి చూపిన ఆమె రిటర్ను.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చాలామంది అందులో పడతారు. డబ్బు నిజానికి భర్తదే అయి, పన్ను తగ్గుతుందని భార్య పేరు జోడించినా, ఆమెకు ఊరికే ఇచ్చి ఆమె పేరు మీద డిపాజిట్ వేసినా, ఆ వడ్డీ భర్త ఆదాయమే అవుతుంది. 64వ సెక్షన్ అలాంటి ఆదాయాన్ని ఇచ్చినవారి లెక్కలోనే కలుపుతుంది. ఆమె రిటర్నులో చూపించామన్న మాట అప్పుడు నిలబడదు. పేరు ఎవరిదన్నది శాఖకు ముఖ్యం కాదు, డబ్బు ఎవరి చేతిలోంచి వచ్చిందన్నదే ముఖ్యం. అందుకే ఆ మొదటి పేజీ, గ్రాట్యుటీ జమైన పేజీ, అన్నిటికన్నా విలువైనది.

ఉమ్మడి డిపాజిట్ మీద బ్యాంకు టీడీఎస్ కోసి ఉంటే మరో చిక్కు. వడ్డీ నాది కాదంటూనే, ఆ టీడీఎస్ మాత్రం నాదే అని రిటర్నులో వాపసు అడిగి ఉంటే జవాబు అక్కడే కూలిపోతుంది. ఆదాయం ఎవరిదో టీడీఎస్ కూడా వారికే చెందాలి. అలా మళ్లించాలంటే నియమం 37బిఎ కింద బ్యాంకుకు ముందే ఒక ధ్రువీకరణ ఇచ్చి ఉండాలి. మాస్టారి విషయంలో ఈ బాధ రాలేదు. ఆ ఏడాది వయోవృద్ధులకు ఒక బ్యాంకులో 50,000 దాటితే తప్ప టీడీఎస్ కోసేవారు కాదు.

మూడోది 48,000. ఇది తప్పించుకోలేనిది. పిల్లల చదువు కోసమని అప్పుడెప్పుడో తెరిచిన మూడో బ్యాంకు ఖాతాలో ఒక క్యుములేటివ్ డిపాజిట్ ఉంది. వడ్డీ చేతికి రాదు, అసలులో కలుస్తూ పోతుంది, అయిదేళ్లకు ఒక్కసారే అందుతుంది. ఆ బ్యాంకులో వడ్డీ 50,000 దాటలేదు కాబట్టి టీడీఎస్ లేదు. టీడీఎస్ లేదు కాబట్టి 26ఏఎస్‌లో కనపడలేదు. రిటర్ను రాసిన మనిషి 26ఏఎస్ చూసి రాశాడు. టీడీఎస్ కోయని వడ్డీకి పన్ను లేదన్న అపోహ మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. టీడీఎస్ హద్దు వేరు, పన్ను హద్దు వేరు. కోయకపోయినా ఆదాయం ఆదాయమే.

గడువు తీరాకే డబ్బు చేతికొస్తుంది, అప్పుడే చూపిస్తాను అనొచ్చా? చట్టంలోని 145వ సెక్షన్ రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది. చేతికి అందినప్పుడు చూపడం ఒకటి, ఏటికేడు పోగైనట్టు చూపడం రెండోది. అయితే ఏది ఎంచుకున్నా దాన్నే క్రమం తప్పకుండా పాటించాలి. మాస్టారు మిగతా డిపాజిట్ల వడ్డీని ఏటా బ్యాంకు ధ్రువపత్రం ప్రకారం చూపిస్తూ వచ్చారు. ఈ ఒక్క డిపాజిట్‌కు మాత్రం వేరే పద్ధతి అంటే చెల్లదు. కాబట్టి ఇది ఒప్పుకోవాల్సిందే.

1,84,000 తేడాలో నిజంగా చూపాల్సింది 48,000 మాత్రమే అని తేలింది. ఇలా ముక్కలు చేయకుండా భయపడి అంతా ఒప్పేసుకుని ఉంటే దాదాపు నాలుగు రెట్ల ఆదాయానికి పన్ను కట్టేవారు. అంతా తప్పు సమాచారమని కొట్టిపారేసి ఉంటే 48,000 దగ్గర దొరికిపోయి, నిజమైన మిగతా రెండు వివరణల మీద కూడా నమ్మకం పోయేది.

జవాబు పెట్టడం

ఒప్పుకోవాల్సిన ముక్కకు ముందు పన్ను కట్టి, తర్వాత జవాబు రాస్తే బలంగా ఉంటుంది. ఆ సంవత్సరపు రిటర్నును సవరించే గడువు 2024 డిసెంబరు 31తో అయిపోయింది. మిగిలిన దారి అప్‌డేటెడ్ రిటర్ను, అంటే `ITR-U`. 2022లో తెచ్చిన ఈ సదుపాయానికి మొదట రెండేళ్ల గడువే ఉండేది, 2025లో దాన్ని నాలుగేళ్లకు పెంచారు. ఆలస్యం పెరిగేకొద్దీ దాని ధర పెరుగుతుంది. మదింపు సంవత్సరం ముగిసిన ఏడాదిలోగా వేస్తే, కట్టాల్సిన పన్ను, వడ్డీల మొత్తం మీద 25 శాతం అదనంగా కట్టాలి. రెండో ఏడాదిలో 50 శాతం, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70.

మాస్టారి 48,000 పూర్తిగా 20 శాతం శ్లాబులో పడుతుంది. మినహాయింపు ముందే అయిపోయింది. పన్ను 9,600, దాని మీద 4 శాతం సెస్సు 384, కలిపి 9,984. వ్యాపార ఆదాయం లేని వయోవృద్ధులు ముందస్తు పన్ను కట్టనక్కర్లేదు కాబట్టి, అది కట్టనందుకు పడే వడ్డీ ఆయనకు లేదు. అసలు రిటర్ను గడువులోపే వేశారు కాబట్టి ఆలస్యపు వడ్డీ కూడా లేదు. 2023-24 ఆదాయానికి మదింపు సంవత్సరం 2025 మార్చి 31న ముగిసింది. 2025 అక్టోబరులో వేస్తున్నారు కాబట్టి ఏడాదిలోపే, అంటే 25 శాతం, 2,496. మొత్తం 12,480 రూపాయలు. అదే వయోవృద్ధులు కానివారికైతే నెలనెలా వడ్డీ కూడా కలిసేది. మదింపు అధికారి దాకా వెళ్లాక ఆదాయం తక్కువ చూపారని తేలితే, ఎగవేసిన పన్నులో 50 శాతం జరిమానా పడవచ్చు. కావాలనే తప్పుగా చూపారని తేలితే అది 200 శాతం.

అప్‌డేటెడ్ రిటర్నుకు హద్దులున్నాయి. పన్ను తగ్గించుకోవడానికి, వాపసు పెంచుకోవడానికి అది పనికిరాదు. ఆ సంవత్సరపు లెక్క మీద మదింపు ఇప్పటికే నడుస్తుంటే వేయనివ్వరు. 133(6) నోటీసు మదింపు కాదు కాబట్టి ఈ దశలో తలుపు తెరిచే ఉంటుంది. ఈ మెట్టు విలువ ఇదే.

ఆ తర్వాత ఏఐఎస్‌లో ప్రతి పద్దు పక్కనా అభిప్రాయం నమోదు చేయాలి. రెండోసారి కనిపించిన 92,000 పక్కన `Information is duplicate / included in other information` అనీ, ఉమ్మడి డిపాజిట్ పక్కన `Information relates to other PAN/Year` అనీ, చూపాల్సిన 48,000 పక్కన `Information is correct` అనీ ఎంచుకోవాలి. కాదన్న సమాచారాన్ని శాఖ తిరిగి ఆ బ్యాంకుకే పంపి నిజమేనా అని అడగవచ్చు. 2024 మే నుంచి ఆ బ్యాంకు మన మాటను ఒప్పుకుందో, కాదందో కూడా ఏఐఎస్‌లోనే కనిపిస్తోంది. బ్యాంకు ఒప్పుకుంటే తన ఎస్‌ఎఫ్‌టీని సరిదిద్దుతుంది. కాదంటే వెంటనే శాఖకు వెళ్లి వడ్డీ ధ్రువపత్రం చూపించి దిద్దించుకోవాలి, లేదా రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. ఈ అభిప్రాయం నమోదు చేయడంతో పని అయిపోయిందనుకోవడం పెద్ద పొరపాటు. అది నోటీసుకు జవాబు కాదు, రిటర్నును మార్చదు.

అసలు జవాబు ఈ-ఫైలింగ్ సైట్‌లో `Pending Actions` కింద `Compliance Portal` తెరిచి, అందులో `e-Verification` దగ్గర పెట్టాలి. ఉత్తరం పొడవుగా ఉండనక్కర్లేదు. మాస్టారి ఉత్తరం సారం తెలుగులో ఇలా ఉంటుంది:

> విషయం: 2023-24 ఆర్థిక సంవత్సరపు వడ్డీ ఆదాయంలో తేడాపై, డిన్ సంఖ్య ఫలానా, తేదీ ఫలానా గల మీ నోటీసుకు జవాబు.
>
> మీ సమాచారం ప్రకారం వడ్డీ 3,70,000. నా రిటర్నులో 1,86,000. తేడా 1,84,000. ఆ తేడా మూడు పద్దులది.
>
> ఒకటి, 92,000. ఫలానా డిపాజిట్‌ను 2023 అక్టోబరులో పునరుద్ధరించినందున ఒకే వడ్డీ రెండు నంబర్ల కింద నమోదైంది. మొదటి నమోదు నా రిటర్నులో ఉంది. రుజువు: అనుబంధం 1, 2.
>
> రెండు, 44,000. ఇది నా భార్య సొంత నిధులతో వేసిన ఉమ్మడి డిపాజిట్ వడ్డీ. ఆమె పాన్ మీద, ఆమె రిటర్నులో చూపడమైనది. దీని మీద టీడీఎస్ ఏదీ నేను క్లెయిమ్ చేయలేదు. రుజువు: అనుబంధం 3, 4, 5.
>
> మూడు, 48,000. ఇది నా ఆదాయమే, రిటర్నులో చేరలేదు. దీనిపై అప్‌డేటెడ్ రిటర్ను దాఖలు చేసి 12,480 రూపాయలు చెల్లించాను. రుజువు: అనుబంధం 6, చలానా, రిటర్ను రసీదు.

తేడా అంకె, మూడు ముక్కల మొత్తం ఒక్క రూపాయి కూడా అటూ ఇటూ కాకుండా సరిపోవాలి. 92,000, 44,000, 48,000 కలిపితే 1,84,000. చదివే అధికారి మొదట కూడి చూసేది ఇదే. కూడిక పొసగకపోతే మిగతా ఉత్తరం ఎంత బాగున్నా మళ్లీ ప్రశ్న వస్తుంది. ఇక ఒప్పుకున్న ముక్క గురించి సాకులు రాయడం అనవసరం. రిటర్ను ఆడిటరు వేశాడు, నాకు తెలియదు అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. రిటర్ను మీద ధ్రువీకరణ ఖాతాదారుదే.

అనుబంధాల విషయంలో పొదుపు పాటించాలి. ఏడాది పాసుబుక్కు మొత్తం స్కాన్ చేసి పంపితే, అడగని పద్దులు కూడా అధికారి కళ్ల ముందుకు వెళ్తాయి, అవసరమైన పేజీ అందులో కలిసిపోతుంది. సంబంధించిన పేజీ మాత్రమే ఇచ్చి, ఆ వరుస పక్కన గీత గీసి, అనుబంధం సంఖ్య వేస్తే సరిపోతుంది. నోటీసులోనే జవాబుకు గడువు తేదీ ఉంటుంది. బ్యాంకు కాగితాలు ఆలోపు రాకపోతే, ఉన్నంతవరకు జవాబు పెట్టి మిగతాదానికి సమయం అడగాలి. ఊరుకుంటే 272ఎ సెక్షన్ కింద రోజుకు 500 రూపాయల చొప్పున జరిమానా వేసే అధికారం శాఖకు ఉంది. అంతకన్నా పెద్ద నష్టం, మౌనంగా ఉన్నవారి కేసు పై మెట్టుకు వెళ్లడం.

అన్ని తేడాలూ వడ్డీవే కావు, ఆ మాట కొంత చెప్పుకోవాలి. మ్యూచువల్ ఫండ్ యూనిట్లు అమ్మితే ఏఐఎస్‌లో అమ్మకం మొత్తం ప్రధానంగా కనిపిస్తుంది, పన్ను పడేది లాభం మీదే. కొన్న ధర చూపే స్టేట్‌మెంటు జతచేస్తే అది తేలుతుంది. నగదు జమ అసలు ఆదాయం కానే కాకపోవచ్చు. మిర్చి, పత్తి అమ్మిన రైతు ఖాతాలో ఒకేసారి లక్షలు పడతాయి. అప్పుడు పట్టాదారు పాసుపుస్తకం ఒక్కటే చాలదు. భూమి ఉందని అది చెబుతుంది గానీ పంట అమ్మినట్టు చెప్పదు. తెలంగాణ మార్కెట్ యార్డుల్లో ఇచ్చే తక్‌పట్టీ లాంటి అమ్మకం చీటీ, దాని మీది తేదీ, ఖాతాలో నగదు పడిన తేదీ దగ్గరదగ్గరగా ఉండటం, ఇవే అక్కడ సాక్ష్యం. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపిన డబ్బుకైతే వారు పంపిన ఖాతా వివరం, బంధుత్వం తెలిపే కాగితం కావాలి. పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటే. పద్దు, కారణం, కాగితం.

జవాబు పెట్టాక వచ్చే రసీదును దింపుకుని దాచాలి. వివరణ సరిపోతే అక్కడితో కేసు మూసేస్తారు. సరిపోదనుకుంటే నివేదిక మదింపు అధికారికి వెళ్తుంది, అప్పుడు 148ఎ నోటీసు రావచ్చు. అప్పుడూ ఇదే ఉత్తరం, ఇవే అనుబంధాలు మొదటి ఆధారం అవుతాయి. అందుకే ముందే పెట్టిన జవాబులో రాసినదానికీ తర్వాత చెప్పేదానికీ తేడా రాకూడదు.

తప్పిపోయిన ఆదాయం 50 లక్షల కన్నా తక్కువైతే, మదింపు సంవత్సరం ముగిశాక మూడేళ్ల మూడు నెలల దాకా శాఖ పాత లెక్క తిరగదోడవచ్చు. అంతకు మించితే ఐదేళ్ల మూడు నెలల దాకా. మాస్టారు ఆ రసీదునూ, ఆరు అనుబంధాలనూ 2028 జూన్ 30 దాకా భద్రంగా ఉంచుకోవాలి.